సెలవు చీటీలో అమ్మ మొక్కు ఉంది, పదకొండో తేదీ లేదు

"మేడమ్ గారూ, నాకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో, అకౌంట్స్‌లో తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. వారానికి ఆరు రోజుల పని, జీతం 42 వేలు. జీఎస్టీ, టీడీఎస్, బ్యాంకు పేమెంట్లు నేనే చూస్తాను. నాన్న పోయి ఏడాది దాటింది. అమ్మ చేత కాశీలో తొమ్మిది నిద్రలు చేయించాలని, తమ్ముడు గయలో నాన్నకు పిండం పెట్టాలని అనుకున్నాం. తమ్ముడు దుబాయ్ నుంచి 2026 నవంబరు 6న వచ్చి డిసెంబరు 12న వెళ్లిపోతాడు. కార్తీకం మొదలవగానే బయల్దేరదామని నవంబరు 10 నుంచి 30 వరకు సెలవు కావాలని మా మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. నా ఖాతాలో 17 ఈఎల్స్ ఉన్నాయి. ఆయన 'చూద్దాం, దగ్గరికొచ్చాక మాట్లాడదాం' అన్నారు. మళ్లీ అడిగితే మొహం చిట్లించారు. 'అమ్మకు బాగాలేదని అప్పటికప్పుడు సెలవు పెట్టెయ్' అంటుంది మా ఆడపడుచు. 'ఇవ్వకపోతే మానెయ్' అంటారు మా ఆయన. ఇంకా మూడు నెలలుంది కానీ నాకు ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. నేను పెట్టిన మెయిల్ కాపీ కూడా పంపుతున్నాను. ఏం చేయమంటారు?"
— ఒక సోదరి, హైదరాబాద్

మీ మెయిల్ రెండుసార్లు చదివాను. కళ్లు చెమర్చాయి. అందులో ఉన్న ఇబ్బంది కూడా అదే. మొదటి పేరా అంతా నాన్నగారి ఆఖరి రోజులు. రెండో పేరా అమ్మగారి మొక్కు, ఆవిడ మోకాళ్ల నొప్పి. మూడో పేరాలో తొమ్మిదేళ్లుగా మీరెంత నిజాయితీగా పనిచేశారో ఉంది. తేదీలు చివరి నుంచి రెండో వాక్యంలో కనపడ్డాయి. మీరు లేని ఆ 21 రోజుల్లో పని ఎవరు చేస్తారన్నది ఎక్కడా లేదు. "దయచేసి కాదనకండి" అన్న మాట మాత్రం మూడు చోట్ల ఉంది.

ఆయన స్థానంలో కూర్చుని దాన్ని చదవండి. కాదంటే, తండ్రిని పోగొట్టుకున్న మనిషిని కాశీకి పోనివ్వని పాపం ఆయనకు. సరే అంటే, నవంబరు 11న ఏం జరుగుతుందో తెలియదు. ఈ రెంటి మధ్య ఇరుక్కున్న మనిషి నోట "చూద్దాం" తప్ప ఇంకేం వస్తుంది? నేనూ పాతికేళ్లు ఆఫీసులో చేశాను, నా కింద పనిచేసిన వాళ్ల సెలవు చీటీలు చూశాను. నిజం చెప్పాలంటే, జవాబు తెలియని చీటీని నేనూ ఇలాగే పక్కన పెట్టాను.

కాబట్టి ఆయన మంచివారా కాదా అన్న లెక్క కాసేపు వదిలేసి క్యాలెండర్ తీయండి. మీ పనికి నెలలో మూడు గడువులున్నాయి. ఏడో తేదీకి టీడీఎస్ కట్టాలి. పదకొండుకి అమ్మకాల బిల్లులు చూపించే జీఎస్టీఆర్-1, ఇరవైకి పన్ను లెక్క చూపి కట్టే జీఎస్టీఆర్-3బీ వేయాలి. మీరు అడిగిన సెలవు పదో తేదీన మొదలవుతోంది. అంటే జీఎస్టీ గడువులు రెండూ మీరు లేనప్పుడే వస్తాయి. 3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పడతాయి. అది డబ్బుతో పోతుంది. జీఎస్టీఆర్-1 తప్పితే తంటా వేరు. మీ కంపెనీ దగ్గర సరుకు కొన్న వాళ్లకు, పద్నాలుగో తేదీన తయారయ్యే 2బీ అనే క్రెడిట్ పట్టికలో మీ బిల్లులు కనపడవు. ఆ నెలకు వాళ్లకు రావాల్సిన పన్ను క్రెడిట్ ఆగిపోతుంది. ఇక పదిహేనో తేదీ నుంచి ఫోన్లు మొదలవుతాయి. అవన్నీ ఎత్తాల్సింది మీ మేనేజరే. ఆయన చిట్లించిన మొహంలో నాకు ఆ ఫోన్లే కనిపించాయి.

ఇప్పుడు అదే క్యాలెండర్‌ని ఇరవై ఒకటి నుంచి చూడండి. నవంబరు 20 శుక్రవారం. 3బీ పని మీ చేతులతోనే 18కో 19కో ముగించేసి, మర్నాడు శనివారం 21న బండెక్కవచ్చు. డిసెంబరు 8 మంగళవారం దాకా సెలవు పెట్టి 9 ఉదయం సీట్లో కూర్చుంటే, 11వ తేదీ జీఎస్టీఆర్-1కి రెండు రోజులు చేతిలో ఉంటాయి. మొత్తం పద్దెనిమిది రోజులు. మధ్యలో పడే గడువు ఒక్కటే, డిసెంబరు 7 టీడీఎస్. అది సోమవారం, ముందు రోజు ఆదివారం. అందువల్ల 5వ తేదీ శనివారానికల్లా చలానా కట్టేయాలని మీరే ముందుగా రాసి పెట్టాలి.

పద్దెనిమిది రోజులు యాత్రకు సరిపోతాయా అని మీరు అడుగుతారు. వేసి చూద్దాం. 21న సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు మొగల్‌సరాయిలో దిగుతారు (ఇప్పుడు ఆ స్టేషన్ పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ). అక్కడి నుంచి ఆటోలోనో కారులోనో కాశీ. 22 రాత్రి నుంచి 30 రాత్రి వరకు సరిగ్గా తొమ్మిది నిద్రలు. డిసెంబరు 1న గయకు బయల్దేరి 2న ఫల్గు నది, విష్ణుపాదం దగ్గర తమ్ముడి చేత పిండాలు పెట్టించవచ్చు. 3, 4 తేదీల్లో ప్రయాగ. అక్కడి నుంచి 5నో 6నో తిరుగు ప్రయాణం. అమ్మగారి మోకాళ్లను బట్టి ఒక రోజు అటూ ఇటూ అయినా 8 దాటదు. మీరు అడిగిన 21 రోజుల్లో ఇంకే ఊళ్లు కలుపుకున్నారో నాకు తెలియదు. అయోధ్య ఉంటే ప్రయాగలో ఒక రోజు తగ్గించుకోవాలి.

లెక్క తేడా కూడా చూడండి. చాలా కంపెనీల్లో సెలవు మధ్యలో వచ్చిన ఆదివారాలను కూడా సెలవుగానే కడతారు. మీ దగ్గర ఎలాగో హెచ్ఆర్‌ని అడగండి. కడితే, మొదట అడిగిన తేదీలకు 21 రోజులు పోతాయి. మీ 17 పోగా నాలుగు రోజుల జీతం కోత. 42 వేలను 30తో భాగిస్తే రోజుకు 1,400, నాలుగు రోజులకు 5,600. మార్చిన తేదీలకు 18 రోజులే కాబట్టి కోత ఒక్క రోజు. ఆదివారాలు కట్టకపోతే పని రోజులు 15 మాత్రమే, మీ ఖాతాలో ఇంకా రెండు ఈఎల్స్ మిగులుతాయి. ఈఎల్‌కు క్యాజువల్ లీవు కలిపి సరిపెడదామనుకుంటే, అలా కలపడానికి చాలా చోట్ల ఒప్పుకోరు.

ఇది నాకు తోచిన మొదటి దారి. దీని బరువు ఆఫీసు కంటే ఇంట్లోనే ఎక్కువ పడుతుంది. తమ్ముడు నవంబరు 6న దిగి రెండు వారాలు ఇంట్లో కూర్చోవాలి. యాత్ర నుంచి వచ్చాక అతనికి నాలుగు రోజులే మిగులుతాయి. అతనికి వేరే పనులేమైనా ఉంటే ముందే మాట్లాడుకోండి.

తేదీలు మార్చడం ఎలాగూ కుదరదు, 10నే బయల్దేరాలి అంటారా? అదీ అసాధ్యం కాదు. కాకపోతే 11, 20 గడువులు రెండూ మీరు లేకుండానే దాటాలి. అంటే మీ సెక్షన్‌లో జూనియర్‌గా ఉన్న మనిషి ఒంటరిగా వాటిని చేయగలగాలి. "ఫోన్‌లో చెబుతాలే" అంటే కుదరదు. దశాశ్వమేధ ఘాట్ మెట్ల మీద అమ్మగారి చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని, "పర్చేజ్ రిజిస్టర్‌లో ఆ మూడో బిల్లు తీసెయ్" అని చెప్పడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ దారిలో మేనేజర్ ఒప్పుకున్నా మనసులో గుబులు ఉంచుకునే ఒప్పుకుంటారు. ఏదైనా తప్పితే తర్వాతి సెలవుకు అది అడ్డు వస్తుంది.

మూడోది, అమ్మగారు, తమ్ముడు 10నే వెళ్లి తొమ్మిది నిద్రలు చేసుకుంటే, మీరు 20 గడువు ముగించుకుని విమానంలో వారణాసికి వెళ్లి, గయకూ ప్రయాగకూ తోడవ్వడం. సెలవు వారం చాలు. మేనేజర్ దీనికి ఆ పూటే సరే అనవచ్చు. కానీ గయలో కర్త మీ తమ్ముడు. మీ అవసరం ఎక్కువ ఉన్నది కాశీలోనే. తెల్లవారుజామున గంగ స్నానానికి, తడి చీర మార్చుకోవడానికి అమ్మగారికి కూతురు తోడుండటం వేరు, కొడుకు తోడుండటం వేరు. పిన్నిగారో అత్తయ్యో ఎవరైనా వెంట వెళ్లేటట్లయితే తప్ప నేను దీన్ని ఆఖరున పెడతాను. మీకు అమ్మతో ఆ తొమ్మిది రాత్రులు ఎంత ముఖ్యమో మాత్రం నేను చెప్పలేను, మీరే తేల్చుకోవాలి.

ఏ దారి పట్టినా, సెలవు కంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది. మీరు చేసే పనిలో మీ పేరుతో కట్టేసి ఉన్నవి ఏవో ఒక కాగితం మీద రాయండి. బ్యాంకులో పేమెంట్ ఎక్కించే లాగిన్ మీ ఒక్కరిదేనా? మీరు ఎక్కిస్తే మేనేజర్ ఆమోదిస్తారు, అంతేనా? అలాగైతే మీరు లేని రోజున ఆయన ఆమోదించడానికి తెర మీద ఏమీ ఉండదు. నవంబరు జీతాలు కూడా ఆగిపోతాయి. ఏ పోర్టల్ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తోంది? డిజిటల్ సంతకం టోకెన్ ఎవరి డ్రాయర్‌లో ఉంది? ఇలాంటివి ఎంత బాగా పనిచేసే వాళ్లకైనా సెలవు మూడో రోజున గుర్తొస్తాయి. మీ పాస్‌వర్డ్ జూనియర్ చేతికిచ్చి వెళ్లకండి. రేపు ఏదైనా తేడా వస్తే ఆ పేమెంట్ మీ పేరు మీదే ఉంటుంది. బ్యాంకులో అతని పేరు మీద రెండో లాగిన్ తీయించండి. దానికి కంపెనీ లేఖ, సంతకాలు కావాలి, కాస్త సమయం పడుతుంది. అందుకే ఇది సెప్టెంబరు పని, నవంబరుది కాదు.

నేర్పడం కూడా వరసగా జరగాలి. సెప్టెంబరు గడువులకు అతను మీ పక్కన కూర్చుని చూస్తాడు. అక్టోబరులో అతను చేస్తాడు, మీరు పక్కన కూర్చుంటారు. నవంబరు 7, 11 కూడా అతనే చేయాలి, మీరు మీ సీట్లో వేరే పని చూసుకోవాలి. అతను ఎన్నిసార్లు లేచి మీ దగ్గరకు వచ్చాడో లెక్కపెట్టండి. రెండుసార్ల లోపైతే నిశ్చింతగా బండెక్కవచ్చు. ఆరేడుసార్లు వస్తే, ఎక్కడ తడబడుతున్నాడో అక్కడ ఒక పేజీ నోట్ రాసిచ్చి వెళ్లండి.

ఇక మెయిల్. మీ ఆఫీసులో ఏ భాషలో రాసుకుంటారో ఆ భాషలోనే రాయండి. విషయం ఈ వరసలో ఉంటే చాలు:

"సార్, నవంబరు 21 శనివారం నుంచి డిసెంబరు 8 మంగళవారం వరకు ఈఎల్ కోరుతున్నాను. డిసెంబరు 9 ఉదయం డ్యూటీలో చేరతాను. మా నాన్నగారి గయ శ్రాద్ధం కోసం అమ్మను తీసుకుని కాశీ, గయ వెళ్తున్నాం. ఇంతకుముందు నవంబరు 10 నుంచి అడిగాను. జీఎస్టీ గడువులకు ఇబ్బంది లేకుండా తేదీలు మార్చుకున్నాను. అక్టోబరు నెల 3బీ నేనే వేసి వెళ్తాను. నవంబరు నెల జీఎస్టీఆర్-1 వచ్చాక నేనే వేస్తాను. మధ్యలో డిసెంబరు 7 టీడీఎస్, నవంబరు జీతాల పేమెంట్ ఉంటాయి. వాటిని ఫలానా వారికి సెప్టెంబరు నుంచి నేర్పాలని అనుకుంటున్నాను, మీరు సరేనంటే మొదలుపెడతాను. బ్యాంకులో వారి పేరు మీద లాగిన్ కోసం మీ ఆమోదం కావాలి. రైలు బుకింగ్ సెప్టెంబరు 22న తెరుచుకుంటుంది. సెప్టెంబరు 15 లోగా మీ నిర్ణయం తెలిపితే టికెట్లు తీసుకుంటాను."

నాన్నగారి ప్రస్తావన ఒక్క వాక్యం. అది చాలు, ఆయనకు విషయం అర్థమవుతుంది. బతిమాలడం లేదు, తొమ్మిదేళ్ల సేవ లెక్క లేదు. ఆయన సరే అనడానికీ, ఆయన పై వాళ్లకు చూపించుకోవడానికీ కావలసినవన్నీ ఉన్నాయి. ఆ చివరి రెండు వాక్యాలు మీరు కల్పించిన ఒత్తిడి కూడా కాదు. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు నుంచి 120 రోజుల నుంచి 60కి తగ్గించింది. నవంబరు 21 ప్రయాణానికి సెప్టెంబరు 22 ఉదయం 8కి బుకింగ్ మొదలవుతుంది. కార్తీకంలో కాశీ బండ్లు ఎంత త్వరగా నిండుతాయో మీ మేనేజర్‌కి చెప్పనక్కర్లేదు.

ఎప్పుడు పంపాలన్నది కూడా ముఖ్యమే. ఆగస్టులోనే పంపండి. సెప్టెంబరు చివరి పది రోజులు అకౌంట్స్ వాళ్లకు 30వ తేదీ ఆడిట్ గడువుతో ఊపిరాడదు. అప్పుడు సెలవు మాట ఎత్తితే మళ్లీ "చూద్దాం" అనే వస్తుంది. ముందు ఆయన గదిలో రెండు నిమిషాలు నిలబడి "తేదీలు మార్చుకున్నాను సార్, మెయిల్ పెడుతున్నాను" అని చెప్పి, ఆ సాయంత్రమే పంపండి. జవాబు మాత్రం రాతలోనే తీసుకోండి. ఒకసారి నేను మా పై అధికారి "వెళ్లమ్మా, దానికేముంది" అన్న మాట నమ్ముకుని తిరుపతి వెళ్లాను. ఈలోగా ఆయనకు బదిలీ అయింది. కొత్తాయన దృష్టిలో నేను చెప్పకుండా వెళ్లిపోయిన మనిషిని. కొండ మీద ఉండగా ఫోన్ వచ్చింది, దర్శనం లైనులోనే సంజాయిషీ చెప్పుకున్నాను.

ఇన్నీ చేసినా కాదంటే? మొదట "ఏ తేదీలైతే వీలవుతుంది సార్?" అని అడగండి. ఆ ప్రశ్నకు తేదీ వస్తే బేరానికి చోటుంది. తేదీ కూడా చెప్పకపోతే హెచ్ఆర్‌కి కాపీ పెట్టి మళ్లీ రాయవచ్చు. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం (1988) మీ ఆఫీసుకు వర్తిస్తే, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వారికి 15 రోజుల జీతంతో కూడిన సెలవు వస్తుంది, 60 రోజుల దాకా పోగేసుకోవచ్చు. ఈ మాట హెచ్ఆర్‌తో మాట్లాడేటప్పుడు మనసులో ఉంచుకోండి, మెయిల్‌లో పెట్టకండి. ఎందుకంటే సెలవు మీ హక్కే అయినా, ఫలానా తేదీల్లోనే కావాలంటే కుదుర్చుకోవాల్సిందే. చట్టం పేరు ఎత్తాక ఆ కుదుర్చుకునే మాటలు ఆగిపోతాయి.

మీ ఆడపడుచు సలహా ఈ రోజుకి సులువుగా కనిపిస్తుంది. కానీ సిక్ లీవు రోజులు పెరిగితే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు, మీ దగ్గర ఉండదు. గంగా హారతి ఫోటో మీరు పెట్టకపోయినా తమ్ముడు స్టేటస్‌లో పెడతాడు. పైగా మీరు హఠాత్తుగా మాయమైతే 11న వచ్చే ఇబ్బందికి ఎవరూ సిద్ధంగా ఉండరు. అమ్మగారికి 70 దాటి ఉంటే, రేపు నిజంగానే ఒంట్లో బాగాలేక సెలవు అడిగే రోజు రావచ్చు. ఆ రోజు మీ మాటకు విలువ ఉండాలి.

మీవారు అన్న మాట కోపంలో అన్నదే అనుకుంటాను. మానేసే ఆలోచన నిజంగా ఉంటే అది ఈ సెలవుతో ముడిపెట్టకుండా విడిగా కూర్చుని మాట్లాడుకోండి. నెలకు 42 వేలు ఆగితే ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది, నోటీసు కాలం ఎంత, ఆ కాలంలో సెలవు ఇస్తారా అన్నవి ముందు చూసుకోండి. చాలా కంపెనీలు నోటీసులో ఉన్న వాళ్లకు పొడుగు సెలవు ఇవ్వవు. కాశీ కోసం రాజీనామా ఇచ్చి, నోటీసు వల్ల కాశీకే వెళ్లలేకపోయే అవకాశం కూడా ఉంది.

అమ్మగారికి తేదీలు మారాయని చెప్పడానికి మీరు సంకోచిస్తున్నారేమో. క్యాలెండర్ ఆవిడ ముందు పెట్టండి. 2026లో కార్తీక పౌర్ణమి నవంబరు 24. ఆ రాత్రి కాశీలో ఘాట్లన్నీ దీపాలతో నిండిపోతాయి, దేవ్ దీపావళి అంటారు. 22న చేరే మీరు ఆ రోజుకు అక్కడే ఉంటారు. అయితే ఊరు కిక్కిరిసిపోతుంది, గదులు దొరకవు. కాబట్టి తెలుగు సత్రాల్లో ఎక్కడ కుదిరితే అక్కడ, టికెట్లు చేతికి రాగానే గది అడగండి. కింది అంతస్తులో ఇమ్మని అడగండి, మోకాళ్ల నొప్పి అన్నారు కదా. ఆ ఒక్క సాయంత్రం ఆవిడను ఘాట్‌లో జనం మధ్యకు దించకుండా పడవలోంచి చూపించండి. పడవ వాడితో బేరం తమ్ముడికి వదిలేయండి.